క్వార్టర్ పోయింది, సోమవారం టీమ్ ముందు నిలబడాలి, ఏం మాట్లాడాలి?

సికింద్రాబాద్_సేల్స్:
అందరికీ నమస్తే. సబ్బులు, తలనూనె అమ్మే ఒక మధ్యరకం కంపెనీలో తెలంగాణ చూస్తున్నా, రీజినల్ మేనేజర్ అయ్యి అయిదు నెలలే. జూలై-సెప్టెంబర్ టార్గెట్ 10 కోట్లు, వచ్చింది 8.2. అక్టోబర్ 6 సోమవారం పొద్దున సికింద్రాబాద్‌లో హోటల్ హాలు బుక్ చేశారు, 16 మంది వస్తారు, దసరాకి ఊళ్ళకెళ్ళి అదే రోజు దిగేవాళ్ళే సగం మంది. హెడ్డాఫీసు నుంచి స్లైడ్లు పంపారు, ఒకదాంట్లో సింహం, ఇంకోదాంట్లో కొండెక్కుతున్న మనిషి. నాకే నవ్వొచ్చింది, వాళ్ళకి రాదా? మీరు విన్నవాటిల్లో, చెప్పినవాటిల్లో నిజంగా పనిచేసింది ఏదైనా ఉంటే చెప్పండి.

ఉప్పల్_బండి:
అన్నా నేను కింద కుర్చీల కూసునే బాపతు. పోయినేడు మా సారు గంటన్నర మాట్లాడిండు, ఆకలుండాలె, కసి ఉండాలె అని. మాకు ఆకలి ఉన్నది అన్నా, రెండు నెలల పెట్రోల్ బిల్లు రాలే. ఆ ముచ్చట ఎవ్వడు ఎత్తలే, చివర్ల అందరితోని నినాదం కొట్టిపిచ్చి బిర్యానీ పెట్టిండ్రు. బిర్యానీ మాత్రం మస్తుండె, అబద్ధం ఆడొద్దు.

టార్గెట్_తగ్గేదేలే:
మెత్తగా మాట్లాడితే నెత్తినెక్కుతారు బాస్. ర్యాంకు లిస్టు తెర మీద వెయ్యి, కింద ముగ్గురిని నిలబెట్టి కారణం అడుగు. నేను అట్లనే చేశా, మరుసటి నెల 118 శాతం కొట్టారు. అంకెలు అబద్ధం చెప్పవు.

బేగంబజార్_బాబాయ్:
తమ్ముడూ, ఆ 118 డిస్ట్రిబ్యూటర్‌కి మనం బిల్లు కొట్టిన ప్రైమరీయా, డిస్ట్రిబ్యూటర్ నుంచి కొట్లకి పోయిన సెకండరీయా? దాని తర్వాతి నెల ఎంత వచ్చిందో కూడా చెప్పు.

టార్గెట్_తగ్గేదేలే:
ప్రైమరీనే. తర్వాతి నెల 71. అప్పుడు మార్కెట్ డల్‌గా ఉండె, అది వేరే సంగతి.

బేగంబజార్_బాబాయ్:
వేరే సంగతి కాదు నాయనా, అదే సంగతి. నిలబెట్టి అడిగావు, పిల్లలు నెలాఖరు మూడు రోజుల్లో డిస్ట్రిబ్యూటర్ కాళ్ళావేళ్ళా పడి గోడౌన్ నింపారు, కిరాణా కొట్టు దాకా సరుకు పోలేదు. అట్లని ర్యాంకులు అసలు చూపించొద్దని నేననను, నువ్వు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఎవడెక్కడున్నాడో టీమ్‌కి తెలియాలి. కానీ ప్రైమరీ ర్యాంకు చూపిస్తే ఎవడు ఎక్కువ లోడ్ చేశాడో తెలుస్తుంది, అంతే.

సికింద్రాబాద్ గారూ, ఉపన్యాసం సంగతి తర్వాత. ముందు నాలుగు లెక్కలు చెప్పండి. జూలై 1న డిస్ట్రిబ్యూటర్లందరి దగ్గర కలిపి స్టాకెంత, సెప్టెంబర్ 30న ఎంత, సెకండరీ నెలనెలా ఎంత, దానికి ప్లానెంత?

మాదాపూర్_శ్రీ:
మాకూ సేమ్ అండి, సాఫ్ట్‌వేర్ సేల్స్‌లో ఉన్నా, ఒక్క పెద్ద డీల్ జారిపోయి క్వార్టర్ మొత్తం ఎర్రగా అయింది. మా మేనేజర్ అందరితో విడివిడిగా కాఫీ తాగాడు. మీరు కూడా క్లయింట్లతో రిలేషన్‌షిప్ మీద ఫోకస్ పెట్టండి.

ఉప్పల్_బండి:
శ్రీ అన్నా, మా క్లయింటు గల్లీ చివర కిరాణా సేటు. కాఫీ ఆయనే తాగిపిస్తడు, బిల్లు మాత్రం కొట్టనియ్యడు.

సికింద్రాబాద్_సేల్స్:
బాబాయ్ గారూ, తీశాను. ఓపెనింగ్ స్టాక్ 3.4 కోట్లు, క్లోజింగ్ 3 కోట్లు. సెకండరీ జూలై 3.1, ఆగస్టు 3.2, సెప్టెంబర్ 2.3. ప్లాన్ జూలై, ఆగస్టులకి 3.3 చొప్పున, సెప్టెంబర్‌కి 3.4.

బేగంబజార్_బాబాయ్:
ఇప్పుడు చూడండి. తగ్గింది 1.8 కోట్లు అని అందరూ ఒకే ముద్దగా చూస్తున్నారు. కొట్లలోకి పోయింది 8.6, మీరు బిల్లు చేసింది 8.2. అంటే 40 లక్షలు డిస్ట్రిబ్యూటర్లు స్టాక్ తగ్గించుకున్న డబ్బు, అది అమ్మకం పోవడం కాదు, మీ పిల్లలు లోడింగ్ చెయ్యలేదని కూడా అర్థం, దానికి తిడతారా? మిగిలింది 1.4. అందులో 1.1 కోట్లు ఒక్క సెప్టెంబర్‌దే. ఎందుకో మీకు తెలుసు, ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి జీఎస్టీ తగ్గిస్తామన్న రోజు నుంచే సేట్లు చెయ్యి వెనక్కి తీశారు, సెప్టెంబర్ 3న సబ్బు, తలనూనె, షాంపూ 18 నుంచి 5కి అని తేలింది, అమలు 22 నుంచి. ఆ మధ్యలో 19 రోజులు ఏ కొట్టువాడు పాత రేటుకి సరుకు దించుకుంటాడు? సింహం వచ్చి అడిగినా దించుకోడు.

ఇక జూలై, ఆగస్టులది 30 లక్షలు. ఆ రెండు నెలల్లో జీఎస్టీ సాకు పెద్దగా చెల్లదు. అది ఎక్కడ పోయిందో వెతకండి, సేల్స్‌మన్లు తిరిగే బీట్ల వారీగా తీస్తే దొరుకుతుంది.

సికింద్రాబాద్_సేల్స్:
చూశా. కూకట్‌పల్లి డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇద్దరు సేల్స్‌మన్లు జూన్ ఆఖర్లో మానేశారు, ఆగస్టు మూడో వారం దాకా కొత్తవాళ్ళు రాలేదు, ఒక్కొక్కళ్ళది నెలకి 6 లక్షల దాకా ఉండేది. అంటే దాదాపు 20 లక్షలు అక్కడే. ఇంతకాలం 'కూకట్‌పల్లి ఆఫీసర్ స్లో' అని నేనే అంటూ తిరిగాను.

బేగంబజార్_బాబాయ్:
దొరికింది కదా. ఇంకొక్కటి చూడండి, 22 నుంచి 30 దాకా రోజుకి ఎన్ని బిల్లులు కొట్టారో, ఏరియా ఏరియాకి. సెప్టెంబర్‌లో టీమ్ పని తీరు తెలియాలంటే ఆ తొమ్మిది రోజులే చూడాలి. కొత్త రేటు వచ్చాక ఎక్కడ లేచింది, ఎక్కడ లేవలేదు? అయితే బతుకమ్మ, దసరా అదే టైమ్‌లో ఉన్నాయి, లీవులు తీసేసి చూడండి. హోల్‌సేల్ బిల్లులు కూడా పక్కన పెట్టండి, ఇక్కడ మా బజార్లో ఒక సేటు ఒక్క బిల్లుకి ఎత్తేది వంద కొట్లంత ఉంటుంది, అది గోడౌన్లోనే పడి ఉన్నా మీ లెక్కలో సెకండరీ అయిపోతుంది.

సికింద్రాబాద్_సేల్స్:
కరీంనగర్ జూలైలో రోజుకి 140 బిల్లులు, సెప్టెంబర్ మధ్యలో 60, 22 తర్వాత 150. నిజామాబాద్ 120 నుంచి 50కి పడి 65 దగ్గరే ఆగింది. ఒకే స్కీమ్, ఒకే సరుకు. సోమవారం ఈ రెండూ పక్కపక్కన పెట్టి 'వాళ్ళకైంది మీకెందుకు కాలేదు' అని అడుగుదామనుకుంటున్నా.

నెలాఖరు_లక్ష్మి:
అడగకండి. నేను ఇంకో కంపెనీలో సేల్స్ ఆఫీసర్ని అండి, రెండేళ్ళ క్రితం సరిగ్గా ఇలాగే నన్ను నిలబెట్టారు, పక్క ఏరియా అంకె చూపించి. నా డిస్ట్రిబ్యూటర్‌కి నాలుగు నెలల స్కీమ్ క్లెయిమ్ డబ్బు కంపెనీ నుంచి రావాలి, అందుకే సరుకు ఎత్తట్లేదు, ఆ మాట అంత మందిలో చెప్తే క్లెయిమ్ ఆపిన మా ఏరియా మేనేజర్ పక్కనే కూర్చునున్నాడు. నోరు మూసుకుని 'ఇంప్రూవ్ చేస్తాను సార్' అన్నా. ఆ మీటింగ్లో అందరూ చెప్పేది అదే మాట. మీరు ఆదివారం సాయంత్రం నిజామాబాద్ ఆయనకి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర పాత రేటు స్టాక్ ఎంతుంది, తేడా డబ్బు క్రెడిట్ నోట్ వచ్చిందా అని.

టార్గెట్_తగ్గేదేలే:
ఇట్ల ప్రతివాడికి కారణం మనమే వెతికి ఇస్తే ఇంక వాళ్ళేం చెయ్యాలి?

బేగంబజార్_బాబాయ్:
అదీ న్యాయమైన ప్రశ్నే. కారణం తీసేశాక కూడా 65 దగ్గరే ఉంటే అప్పుడు అడుగు, అప్పుడు వాడి దగ్గర జవాబు ఉండాలి.

ఉప్పల్_బండి:
ఇన్సెంటివ్ ముచ్చట గూడ చెప్పున్రి సారూ. 90 శాతం దాటకుంటే సున్నా అయితే, మీ 16 మందిల ఎంతమందికి సున్నా వచ్చిందో గా హాల్ల అందరికి ఎరుకే. మీరు అది దాటేసి దీపావళి టార్గెట్ చెప్తే చెవులు మూతపడ్తయ్.

సికింద్రాబాద్_సేల్స్:
11 మందికి సున్నా. సెప్టెంబర్‌ని లెక్కలోంచి తీసెయ్యమని పైకి మెయిల్ పెట్టా, జవాబు లేదు. ఇంకో తలనొప్పి, తగ్గిన 1.8లో 80 లక్షలు ఈ క్వార్టర్ మీద కలిపారు. అది సోమవారమే చెప్పాలా, దీపావళి అయ్యాక చెప్పాలా?

నెలాఖరు_లక్ష్మి:
సోమవారమే. ఎలాగూ రెండు రోజుల్లో వాట్సాప్‌లో లీకవుతుంది.

బేగంబజార్_బాబాయ్:
ఇక్కడ లక్ష్మి మాటతో నాకు కుదరదు. దీపావళి 20న, నికరంగా రెండు వారాలు కూడా లేవు, ఆ రెండు వారాలు పిల్లల్ని కొట్ల మీదే ఉండనివ్వండి. అంకె ఇంకా బేరంలో ఉందనుకుంటే చెప్పకండి, ఖాయమైపోతే చెప్పండి. ఇన్సెంటివ్ గురించి మాత్రం 'చూస్తాను' అన్న మాట వద్దు. అడిగాను, జవాబు రాలేదు, ఫలానా రోజు మళ్ళీ అడుగుతాను, అంతే చెప్పండి.

సికింద్రాబాద్_సేల్స్ (మంగళవారం):
అయిపోయింది. స్లైడ్లు వెయ్యలేదు, తెల్లబోర్డు మీద 1.8 రాసి దాన్ని మూడు ముక్కలు చేశా, 40 లక్షలు, 1.1 కోట్లు, 30 లక్షలు. మొదటి రెండూ కొట్టేసి ఇవి మీ మీద వెయ్యను అన్నా. హాల్లో చప్పుడు లేదు. మూడోదాని పక్కన కూకట్‌పల్లి అని రాసి, రెండు నెలలు సేల్స్‌మన్లని పెట్టించలేకపోయింది నేను, ఆ ఆఫీసర్ కాదు అని చెప్పా. ఆయన ముఖం చూడాల్సింది.

నిజామాబాద్ ఆయనకి ఆదివారం ఫోన్ చేశా లక్ష్మి గారూ. పాత రేటు స్టాక్ 31 లక్షలుంది, క్రెడిట్ నోట్ రాలేదు. ఎక్కడ ఆగిందో తెలుసా, నా మెయిల్లో. నేను అప్రూవ్ కొట్టాలి, 11 రోజులుగా చూడలేదు. అది కూడా అందరి ముందు చెప్పా, కాళ్ళు వణికాయి కానీ చెప్పా. సోమవారం మధ్యాహ్నమే కొట్టేశా.

తర్వాత ఒక్కటే అడిగా, 18వ తారీఖు లోపు ఒక్కో బీట్‌లో సెప్టెంబర్లో బిల్లు ఆపేసిన కొట్లకి మళ్ళీ వెళ్ళి కొత్త ఎమ్మార్పీ సరుకు ఒక్క కేసయినా దించండి, రోజూ సాయంత్రం బిల్లుల సంఖ్య పంపండి, రూపాయలు వద్దు అని. మొత్తం 40 నిమిషాలు. ఉప్పల్ తమ్ముడూ, పెట్రోల్ బిల్లుల గురించి కూడా అడిగా, ముగ్గురికి ఆగస్టువి రాలేదట, లిస్టు రాసుకున్నా.

ఒక పొరపాటు చేశా. చివర్లో వరంగల్ కుర్రాడు లేచి 'సార్, ఆ 80 లక్షలు మాకెంత పడుతుంది' అని అడిగాడు. ముందే తెలిసిపోయింది. నేను ఇంకా ఫైనల్ కాలేదు అన్నా, నిజమే కానీ ఎవరూ నమ్మినట్టు లేదు.

నెలాఖరు_లక్ష్మి:
చెప్పాగా.

బేగంబజార్_బాబాయ్:
సరే, ఆ మాటలో నేను ఓడిపోయాను. నిజామాబాద్ ఈ రోజు ఎన్ని బిల్లులు?

సికింద్రాబాద్_సేల్స్:
72. క్రెడిట్ నోట్ డిస్ట్రిబ్యూటర్ ఖాతాలో పడటానికి గురువారం అవుతుందన్నారు. అప్పటిదాకా ఆయన కొత్త సరుకు ఎత్తనంటున్నాడు.

ఉప్పల్_బండి:
బిర్యానీ పెట్టిండ్రా లేదా సారూ?