టెస్ట్ ఎస్సెమ్మెస్‌లు ఎవరెవరికో వెళ్తున్నాయి, ఏ నంబర్ పెట్టాలి?

మాదాపూర్_టెస్టర్: పొద్దున్నుంచి తల బద్దలవుతోంది. మెసేజ్‌లో ఉన్న మా సపోర్ట్ నంబర్‌కి ఎవరో పెద్దాయన ఫోన్ చేసి, ఈ ఓటీపీల గోలేంటని తిట్టారు. టెస్ట్ యూజర్‌కి పెట్టిన నంబర్ మార్చాను. ఇప్పుడు ఇంకెవరో చేస్తున్నారు. ఎవరికీ లేని నంబర్ ఒకటి చెప్పండి, అర్జెంట్.

పాతకాపు: ఏ దేశం నంబర్? ఏం పెట్టారు?

గచ్చిబౌలి_బాబు: మధ్యలో 555 పెట్టండి అన్నా. హాలీవుడ్ సినిమాల్లో అదేగా.

మాదాపూర్_టెస్టర్: ఇండియాదే. ముందు 9876543210, తర్వాత 9999999999.

పాతకాపు: చూడగానే ఉత్తుత్తిదనిపిస్తుంది కానీ, అవి ఎవరి దగ్గరైనా ఉండగల నంబర్లే. మన మొబైల్ నంబర్ 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు. ఆ లెక్కకు సరిపోయేలా ఏది రాసినా ఎవరికో తగలొచ్చు. బాబూ, 555 మొత్తం ఖాళీ కాదు. కథల కోసం పక్కన పెట్టింది 555-0100 నుంచి 555-0199 వరకే. బ్రిటన్‌లో మొబైల్‌కి 07700 900000 నుంచి 900999 వరకు ఉన్నాయి. డాక్యుమెంట్లో ఉదాహరణకు ఇవి రాసుకోండి.

మాదాపూర్_టెస్టర్: మా ఫారం +91 తప్ప తీసుకోదు.

మెయిల్_మాస్టారు: ఫోన్ సరే, ఈమెయిల్ సంగతి? అందరూ test.com అని కొట్టేస్తారు. అది వేరేవాళ్ళ డొమైన్! ఇలాంటి వాటికోసమే 1999లోనే `example.com` పక్కన పెట్టారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు.

అమీర్‌పేట్_అక్క: నాకూ రోజూ ఎవరివో ఓటీపీలు వస్తున్నాయి. డీఎన్‌డీ పెడితే ఆగుతాయా?

పాతకాపు: అక్కా, అది వేరే విషయం. టెస్టర్ గారూ, నంబర్ మార్చాక కూడా వేరేవాళ్ళు ఫోన్ చేస్తున్నారంటే అనుమానంగా ఉంది. టెస్ట్ డేటాబేస్ ఎక్కడిది?

మాదాపూర్_టెస్టర్: ప్రొడక్షన్ కాపీ. అందరూ అలాగే చేస్తారుగా?

పాతకాపు: ఇది మొదట్లోనే చెప్పాల్సింది. అందులో ఉన్నది నిజం కస్టమర్లు. రిమైండర్ జాబ్ ఏదైనా నడుస్తుంటే వాళ్ళకే పోతాయి. మీరు ఒక్క వరుసలో నంబర్ మారిస్తే ఏమవుతుంది? అన్నిటినీ బ్రిటన్ నంబర్లతో నింపుదామన్నా ఆ రేంజ్‌లో ఉన్నవి వెయ్యే, పైగా మీ ఫారం ఒప్పుకోదు. మెసేజ్ బయటికి పంపే చోటే ఆపండి:

```
if env != "production" and to not in ALLOWED:
    log(to, body)
    return
```

`ALLOWED`లో మీ టీమ్ వాళ్ళ ఫోన్లు మాత్రమే పెట్టండి. ఓటీపీ లాగ్‌లో కనిపిస్తుంది, టెస్టింగ్‌కి అది చాలు. గేట్‌వే లైవ్ కీ కూడా టెస్ట్ సర్వర్ నుంచి తీసేయండి. లేకపోతే ఈ ఫంక్షన్‌ని దాటి నేరుగా పంపే కోడ్ ఏదైనా ఉంటే అది పంపుతూనే ఉంటుంది.

గచ్చిబౌలి_బాబు: సున్నాతో మొదలయ్యే నంబర్ పెడితే అయిపోతుంది కదా?

కర్ట్_కోడర్: ఫారం తోసేస్తుంది. పైన చదువు.

మెయిల్_మాస్టారు: మెయిల్ పంపే జాబ్ కూడా ఉందేమో చూసుకోండి.

మాదాపూర్_టెస్టర్: రిమైండర్ జాబ్ ఉంది, ఆపేశాను. ఫోన్లు తగ్గాయి. లైవ్ కీ ఎవరి దగ్గరుందో మేనేజర్‌ని అడగాలి. థాంక్స్.

అమీర్‌పేట్_అక్క: నా డీఎన్‌డీ సంగతి ఎవరైనా చెప్పండి.