కలలో పాడబోతే గొంతు రాదు, ఆడితే ఒళ్లు తేలిపోతుంది. ఎందుకు?

వెన్నెలవాక: నెలలో రెండు మూడుసార్లు ఒకే కల. మైకు ముందు నిలబడతాను, నోరు తెరుస్తాను, గొంతు రాదు. ఇంకో కలలో మాత్రం ఎవరూ లేని హాల్లో హాయిగా డాన్స్ చేస్తుంటాను. నిజానికి నాకు పాట వచ్చు, డాన్స్ రాదు. వీటికి అర్థం ఉందా, లేక ఒట్టి నిద్ర ప్రభావమేనా?

రాత్రిడ్యూటీ: అర్థం ఏమీ లేదండి. కలలు బాగా వచ్చే నిద్ర దశలో కళ్లు, ఊపిరి నడిపే కండరాలు తప్ప దాదాపు ఒళ్లంతా సడలిపోయి ఉంటుంది. మెదడు పాడమన్నా గొంతు కదలదు. ఆ కదలకపోవడమే కలలో గొంతు రానట్టు తెలుస్తుంది. దానికి భయమనీ సిగ్గనీ కథలు అల్లడం దేనికి?

పాతశ్రుతి: సడలిపోవడం నిజమే. కానీ అదే దశలో కాళ్లూ కదలవు కదా, మరి ఆ డాన్స్ ఎలా సాగింది? కారణం శరీరం ఒక్కటే అయితే రెండు కలలూ ఆగిపోవాలి. కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ల కలలు చాలా ఏళ్లుగా వింటున్నాను. పాట ఆగిపోయిన కల చెబితే నేను ముందు అడిగేది పాట గురించి కాదు, వినేవాళ్ల ముఖాల గురించి. 1899 చివర్లో వచ్చిన తన కలల పుస్తకంలో ఫ్రాయిడ్ ఒక సంగతి రాశాడు. జనం మధ్య బట్టల్లేకుండా నిలబడినట్టు కల వస్తే, చుట్టూ ఉన్నవాళ్లు పట్టించుకోనే పట్టించుకోరు, సిగ్గంతా కల కన్నవాళ్లదే. ఆయన చెప్పిన కారణాలన్నీ నేను ఒప్పుకోను గానీ ఈ గమనిక మాత్రం నాకు చాలాసార్లు ఎదురైంది. వెన్నెలవాక గారూ, ముందు వరసలో ఎవరున్నారు? ముందురోజు ఏం జరిగింది? లేచాక ఒంట్లో ఏం మిగిలింది?

తీగచప్పుడు: నాకూ అంతే! కలలో కొత్త కొత్త రాగాలు వినిపిస్తాయి, లేచి ఫోన్‌లో రికార్డ్ చేద్దామనుకునేలోపే పోతాయి. ఆరేళ్లప్పుడు వయొలిన్ మొదలుపెట్టి పదిహేనులో మానేశాను. ఇన్నేళ్లు ముట్టుకోకపోయినా కలలో వేళ్లు తడబడవు. వాటిని పట్టుకునే ఉపాయం ఎవరైనా చెబుతారా?

పాతశ్రుతి: తీగచప్పుడు గారూ, మీరు అడిగింది వేరే ప్రశ్న, అయినా మీ వయసు లెక్క ఇక్కడికి పనికొస్తుంది. 2006లో ఇటలీ పరిశోధకులు సంగీతకారులనూ మామూలువాళ్లనూ పోల్చి చూశారు. సంగీతకారులకు సంగీతం కలలు రెట్టింపు కంటే ఎక్కువ వచ్చాయి. రోజూ ఎన్ని గంటలు సాధన చేస్తారన్న దానితో సంబంధం కనిపించలేదు, ఏ వయసులో నేర్చుకోవడం మొదలుపెట్టారన్న దానితోనే కనిపించింది. మీ వేళ్లు ఇంకా తడబడకపోవడం నాకేం వింతగా లేదు.

వెన్నెలవాక: ముందు వరసలో ఆరుగురు. ఎవరూ నవ్వరు. ఒకావిడ ఒళ్లో కాగితాలు సర్దుకుంటూ ఉంటుంది, ఆవిడ ఎప్పుడు తలెత్తుతుందా అని నేను చూస్తుంటాను. లేచేసరికి దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. ముందురోజు మీటింగ్‌లో నా వంతు వచ్చేసరికి టైమ్ అయిపోయిందన్నారు. మూడు రోజులు కూర్చుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. డాన్స్ కలలో నేల తడిగా ఉంది, ఆ చల్లదనం అరికాళ్లకు తెలిసింది. చూసేవాళ్లు లేరు, ఎవరైనా చూస్తారేమోనన్న ఆలోచన కూడా లేదు.

పాతశ్రుతి: ఆ కల మీ గొంతు గురించి కాదనిపిస్తోంది, తలెత్తని ఆవిడ గురించి. వచ్చిన విద్య దగ్గర బాగా చేయాలన్న బరువు ఉంటుంది. రాని విద్యకు ఆ బరువు లేదు, అక్కడ తప్పడుగు అనేదే లేదు. అందుకే సంతోషం డాన్స్‌ని వెతుక్కుందేమో. ఒక్క కలతో తేల్చకండి. మెలకువ రాగానే, లేవకముందే, ముందు అనుభూతి రాయండి, తర్వాత కథ. కథ ముందు రాస్తే అనుభూతిని దానికి తగ్గట్టు మార్చేస్తాం. దవడ నొప్పి మాత్రం రోజూ ఉంటే నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో డెంటిస్ట్‌కి చూపించుకోండి.

రాత్రిడ్యూటీ: డాన్స్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ముందురోజు టెన్షన్ ఎవరికి ఉండదు? వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. కల రాని రోజులు కూడా రాస్తేనే లెక్క తేలుతుంది.

పాతశ్రుతి: ఆ మాట సరైనదే. రెండూ రాయాలి.

వెన్నెలవాక: పదహారు రోజులు రాశాను. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయిన రోజులు మూడు. వాటిలో ఒక్కదాని తర్వాతే ఆ కల వచ్చింది. ఇంకోసారి ఏ గొడవా లేని ఆదివారం రాత్రి వచ్చింది, ఈసారి మొదటి చరణం దాకా పాడాను. ముందు వరసలో ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. అనుభూతి అన్న చోట ఏం రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.