రిస్కు ఛార్జీ కట్టిన పార్సెల్ పోయింది: కొరియర్ సంస్థకు లేఖలో ఏం రాయాలి?

ఇక్కత్ ఇల్లు, పోచంపల్లి:
మార్చి 4న బెంగళూరులోని ఒక కొనుగోలుదారుకు మూడు పట్టు ఇక్కత్ చీరలు కొరియర్‌లో పంపాను. ఇన్‌వాయిస్ విలువ 38,500 రూపాయలు, రసీదులోనూ అదే రాయించాను. మార్చి 7న హైదరాబాదు హబ్ నుంచి లారీలో బయలుదేరినట్టు ట్రాకింగ్‌లో ఉంది, ఆ తరువాత ఏమీ లేదు. నెల రోజులు ఫోన్లు చేశాక పార్సెల్ దొరకలేదని మెయిల్‌లో ఒప్పుకున్నారు గానీ, రవాణా ఛార్జీకి పది రెట్లు, అంటే 2,350 రూపాయలు మాత్రమే ఇస్తామంటున్నారు. ఆ చీరల వెనుక మా ఇంట్లో ఇద్దరి కష్టం ఉంది. లేఖ ఎలా రాయాలో తెలిసినవారు చెప్పగలరు.

గుంటూరు వ్యాపారి:
రసీదు మీద విలువ ఉంటే చాలమ్మా, మొత్తం ఇవ్వాల్సిందే. పది రెట్లన్నది వాళ్లు సొంతంగా రాసుకున్న నిబంధన.

పాత క్లెయిముల గుమాస్తా:
గుంటూరు వారు చెప్పింది సగమే నిజం. పది రెట్ల పరిమితి 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద 2011లో వచ్చిన నియమాల్లోనే ఉంది, ఇంటింటికీ చేరవేసే కొరియర్ ఏజెన్సీలు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. పంపేవారు ఎక్కువ విలువను ప్రకటించి, అందుకు అదనంగా అడిగిన రిస్కు ఛార్జీ కడితే ఆ పరిమితి తొలగిపోతుంది. పన్ను లెక్కల కోసం జతచేసిన ఇన్‌వాయిస్‌లో విలువ ఉన్నంత మాత్రాన రిస్కు వాళ్ల మీదకు వెళ్లదు. నేను పనిచేసిన రోజుల్లో ఎక్కువ క్లెయిములు ఇక్కడే వీగిపోయేవి. అమ్మా, మీ రసీదులో రవాణా ఛార్జీ కాకుండా మరో ఛార్జీ ఏదైనా ఉందా? పోతే నష్టం పంపినవారిదే అని చెప్పే ‘ఓనర్స్ రిస్క్’ గడిలో టిక్కు ఉందా?

కరీంనగర్ పుస్తకాలు:
నాకూ ఇలాగే జరిగింది. పుస్తకాల కట్ట అందినట్టు ట్రాకింగ్ చూపించింది, మా పాఠకుడికి మాత్రం చేరలేదు. డెలివరీ సంతకం కాపీ అడిగితే, అందులో ఉన్నది అతని సంతకమే కాదు. మీరూ ముందు సంతకం కాపీ అడగండి.

ఇక్కత్ ఇల్లు, పోచంపల్లి:
మాది డెలివరీ దాకా వెళ్లనే లేదండీ. గుమాస్తా గారూ, రసీదు తీసి చూశాను. రవాణా 235, రిస్కు ఛార్జీ 385, జీఎస్టీతో కలిపి 731 రూపాయల 60 పైసలు. ‘ఓనర్స్ రిస్క్’ గడి ఖాళీగా ఉంది, ‘క్యారియర్స్ రిస్క్’ దగ్గర టిక్కు ఉంది.

పాత క్లెయిముల గుమాస్తా:
అయితే మీ లేఖకు ఆ 385 రూపాయలే ప్రాణం. బాధంతా రాసుకుంటూ పోతే అసలు విషయం మరుగున పడుతుంది కాబట్టి, కన్‌సైన్‌మెంట్ నంబరు, బుకింగ్ తేదీ, వాళ్ల మెయిల్ తేదీ పైన రాసి, మధ్యలో ఈ పేరా పెట్టండి:

“ప్రకటించిన విలువ 38,500 రూపాయలకు మీరు 385 రూపాయల రిస్కు ఛార్జీ వసూలు చేసి, రసీదులో క్యారియర్స్ రిస్క్‌గా నమోదు చేశారు. పార్సెల్ మీ అధీనంలో ఉండగా పోయిందని మీ మెయిల్‌లోనే అంగీకరించారు. కనుక పది రెట్ల పరిమితి ఈ సరుకుకు వర్తించదు. ప్రకటించిన పూర్తి విలువను, చెల్లించిన ఛార్జీలను 15 రోజుల్లోగా చెల్లించాలని, సరుకు చేరలేదని ధ్రువపత్రం ఇవ్వాలని కోరుతున్నాను. రిస్కు ఛార్జీతో మీరు బీమా తీసుకుని ఉంటే పాలసీ, క్లెయిము నంబర్లు తెలియజేయగలరు. ఈ లేఖను నష్టానికి సంబంధించిన చట్టబద్ధ నోటీసుగా పరిగణించగలరు.”

చివరి వాక్యం వదలకండి. దావా వేయాలంటే ముందుగా లిఖితపూర్వక నోటీసు అందాలి, అదీ బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా అందాలి. మీకు ఆ గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. “వెతుకుతున్నాం” అంటూ నెలలు గడిపితే నష్టపోయేది మీరే. రసీదు, ఇన్‌వాయిస్ నకళ్లు జతచేసి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ సౌకర్యంతో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి.

విశాఖ జూనియర్ న్యాయవాది:
ఒక్కటి కలుపుతాను. కొరియర్ రసీదు వెనుక సంతకం చేసిన పరిమితి షరతుకు పంపినవారు కట్టుబడాలని 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిస్కు ఛార్జీ తీసుకున్నా గరిష్ఠ పరిమితి ఇంత అని మీ రసీదు వెనుక ఎక్కడైనా ఉందేమో చదవండి. ఉంటే వాదన కొంత కష్టమవుతుంది, ఫలితం ఇలాగే ఉంటుందని నేను చెప్పలేను. వాళ్లు ఇవ్వకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. చీరలు వ్యాపారం కోసం పంపినవి కాబట్టి మీరు వినియోగదారు కారని వాళ్లు అనవచ్చు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే ఈ పని చేస్తున్నామని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

కరీంనగర్ పుస్తకాలు:
స్పీడ్ పోస్టుకూ ఈ 180 రోజులేనా?

విశాఖ జూనియర్ న్యాయవాది:
కాదండీ, ఆ రోడ్డు రవాణా చట్టంలోని క్యారియర్ నిర్వచనంలో ప్రభుత్వం లేదు. తపాలాకు వేరే చట్టం ఉంది.

ఇక్కత్ ఇల్లు, పోచంపల్లి:
రసీదు వెనుక అక్షరాలు సగం చెరిగిపోయాయి, షరతుల పూర్తి ప్రతి కావాలని కూడా లేఖలో అడుగుతాను. ఈలోగా ఆ 2,350 తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా?

పాత క్లెయిముల గుమాస్తా:
‘పూర్తి, తుది పరిష్కారం’ అని ఉన్న కాగితం మీద మాత్రం సంతకం చేయకండి. పాక్షిక చెల్లింపుగా ఇస్తున్నామని రాసిస్తే తీసుకోండి, లేదంటే లేఖకు జవాబు వచ్చేదాకా ముట్టుకోకండి.