‘ప్రకార్య ప్రాముఖ్యం’ – తేట తెలుగులో ఏమనాలి?

స్వప్న (హనుమకొండ): గ్రూప్స్‌కు చదువుతున్నాను. సోషియాలజీ నోట్సులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ప్రకార్య ప్రాముఖ్యం గల స్థానాలను అర్హులతో నింపుటకు అసమాన ప్రతిఫలాలు ఆవశ్యకం." డేవిస్, మూర్ అనే ఇద్దరు అమెరికా వాళ్లు 1945లో చెప్పిన మాటట. ప్రకార్యం అంటే ఏంటి? ప్రతిఫలం అంటే జీతమేనా?

సంపత్: ఇందులో ఏముందక్కా. ఎక్కువ కష్టపడ్డోడికి ఎక్కువ జీతం. కష్టే ఫలే.

విద్యాసాగర్ (రిటైర్డ్ లెక్చరర్): సంపత్, వాళ్ల లెక్క కష్టం మీద లేదు. కష్టానికే అయితే నాట్లు వేసే ఆడవాళ్లకే అందరికంటే ఎక్కువ ముట్టాలి. వాళ్లు చూసేవి రెండు. ఆ కొలువు సమాజానికి ఎంత అవసరం, దానికి తగిన మనిషి దొరకడం ఎంత కష్టం. అవసరమైన పనే అయినా మనుషులు సులువుగా దొరికితే పెద్ద జీతం అక్కర్లేదంటారు. స్వప్నా, ప్రకార్యం అంటే ఒక భాగం మొత్తం కోసం చేసే పని. ప్రతిఫలంలో జీతంతో పాటు గౌరవమూ వస్తుంది.

సదానందం (ములుగు): ‘జీతం’ గురించి ఒక ముచ్చట. మా దిక్కు "జీతం ఉన్నడు" అంటే దొర దగ్గర సాలు జీతగాడు అని. అందుకే ప్రతిఫలం అనే మాటే మంచిది. ఇప్పుడు నా డౌట్. మా తాత ఊరి నీరటి. చెరువు నిండినంక తూము తీసేది, మూసేది ఆయనే. ఎవరి మడికి ఏ రాత్రి నీళ్లు పారాల్నో ఆయనకే ఎరుక. కోతలప్పుడు కల్లం కాడికి గంప పట్టుకొని పోతే ఇన్ని వడ్లు పోసేటోళ్లు. అంతే. మరి ఆయనది ముఖ్యమైన కొలువా, కాదా?

విద్యాసాగర్: మంచి ఉదాహరణ. ఒక కొలువు ముఖ్యమా అని తేల్చడానికి వాళ్లు రెండు గుర్తులు చెప్పారు. ఆ పని ఇంకెవరి కొలువూ చేయలేకపోవడం ఒకటి, మిగతా వాళ్ల పనులు దాని మీద ఆధారపడటం ఇంకొకటి. నీరటికి రెండూ ఉన్నాయి. ఆయన తూము తీయకపోతే ఆయకట్టంతా ఎండుతుంది. అయినా గంపెడు వడ్లే ఎందుకంటే, మనిషి సులువుగా దొరుకుతాడు కాబట్టి అని వాళ్ల జవాబు.

సదానందం: దొరుకుతడని ఎవరు పరీక్ష పెట్టిండ్రు సర్? తాత తర్వాత మా నాయన. వేరే కులపోడు ఆ పనికి రాడు, మా నాయన పట్వారీ కాలేడు. పోటీయే లేనికాడ కొరత ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది?

విద్యాసాగర్: 1953లో ట్యుమిన్ అనే ఇంకో అమెరికా సోషియాలజిస్టు వాళ్ల మీద పెట్టిన అభ్యంతరాల్లో ఇదే బలమైనది. ఎవరిలో ఏ ప్రతిభ ఉందో బయటపడకుండా సమాజంలోని అంతస్తులే అడ్డుకుంటాయి. తర్వాత ‘ప్రతిభ కొరత’ అని ఆ అంతస్తులనే సమర్థిస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పట్వారీ కొలువు ముఖ్యమని ఎట్లా తెలిసింది? హోదా ఉంది కాబట్టి. హోదా ఎందుకు? ముఖ్యం కాబట్టి. ఇట్లా గుండ్రంగా తిరగొద్దని డేవిస్, మూర్ స్వయంగా ఒక ఫుట్‌నోటులో హెచ్చరించారు. ఆ ఫుట్‌నోటు మన నోట్సుల్లోకి రాదు!

రమాదేవి: సారీ, టాపిక్ పక్కకు పోతుందేమో. మా తమ్ముడి మెడిసిన్ సీటుకు నాన్న రెండెకరాలు అమ్మాడు. ఇప్పుడు వాడు "నేను ఇన్నేళ్లు త్యాగం చేసి చదివాను" అంటాడు.

విద్యాసాగర్: పక్కకు పోలేదమ్మా. ఎక్కువ ఇవ్వాలనడానికి వాళ్లు చెప్పిన కారణాల్లో చదువు కోసం చేసే త్యాగం ఒకటి. ఆ ఖర్చు ఎక్కువగా తల్లిదండ్రులదే అన్నాడు ట్యుమిన్. చదువుకునే ఏళ్లలో పోయిన సంపాదన కూడా కొలువులో చేరాక మొదటి పదేళ్లలో మామూలుగా తిరిగొస్తుందన్నాడు. తర్వాత జీవితాంతం ఎక్కువ ఇవ్వడం దేనికని ప్రశ్న.

సంపత్: అయితే అందరికీ ఒకటే జీతం ఇస్తే ఏటూరునాగారం అవతల నైట్ డ్యూటీకి డాక్టర్ పోతాడా సర్?

విద్యాసాగర్: పోయేవాళ్లు కొందరు ఉంటారు. పని మీద ఇష్టం, బాధ్యత కూడా మనిషిని నడిపిస్తాయన్నాడు ట్యుమిన్. అవి అన్ని కొలువులనూ నింపుతాయని నేను మాత్రం చెప్పలేను. డేవిస్ కూడా ఊరుకోలేదు. మేం మాట్లాడింది కొలువుల మధ్య తేడా గురించి, ఏ మనిషి ఏ కొలువుకు ఎట్లా చేరాడన్నది వేరే లెక్క అన్నాడు. సదానందం, నీకు ఇది ఒప్పుతుందా?

సదానందం: ఒప్పది సర్. మా ఊళ్లె కొలువు, మనిషి రెండూ ఒక్క పేరే. పనీ నీరటే, మా ఇంటి పిలుపూ నీరటోళ్లే.

స్వప్న: "నలుగురి పని ఆగిపోయే కొలువు" అని రాసుకున్నాను, సరేనా?

విద్యాసాగర్: అర్థానికి బాగుంది. పరీక్షలో మాత్రం ‘ప్రకార్య’ అనే రాయి, లేకపోతే మార్కులు పోతాయి.

రమాదేవి: సదానందం గారూ, నీరటా, నీరడా?

సదానందం: మా ఊళ్లె నీరటి. ఇనాం కాయితంల నీరడి అని ఉన్నది. రెండూ రాయుండ్రి.