అప్‌డేట్: పైలింగ్ రిగ్ మాన్యువల్‌లో ‘బేరింగ్’ సంగతి తేలింది

నా ప్రశ్న: “పునాది స్తంభాలను, అంటే పైళ్లను, నేలలోకి దించే యంత్రమైన పైలింగ్ రిగ్ మాన్యువల్‌ను తెలుగు చేస్తున్నాను. ‘బేరింగ్’ ఒక్కో అధ్యాయంలో ఒక్కో అర్థంలో వస్తోంది. అన్నిచోట్లా ఒకే మాట వాడవచ్చా?”

సాయం చేసినవారందరికీ కృతజ్ఞతలు. పక్కనున్న కొలమానం చూడమన్న సలహాయే పనిచేసింది. గ్రీజు, విడిభాగం నంబరు ఉన్నచోట అది యంత్రభాగం. మెకానిక్కులు అనే ‘బేరింగ్’నే ఉంచాను. చదరపు మీటరుకు ఇన్ని టన్నులని ఉంటే, అది నేల మోయగల భారం. ఏటవాలు పైలు దగ్గర 135 డిగ్రీలని ఉంది. అది ఉత్తరం నుంచి గడియారపు ముల్లు తిరిగే వైపు కొలిచే దిక్కోణం, అంటే పైలు ఆగ్నేయానికి వాలాలి.

ఏ కొలమానమూ లేని వాక్యం ఒకటి మిగిలింది: “మాస్టు లేపే ముందు బేరింగ్ సరిచూడండి.” మాస్టంటే రిగ్ మీది పొడవాటి స్తంభం. ఆ వాక్యాన్ని సైటు ఇంజనీరుకు చూపిస్తే, ఆయన వాక్యం వదిలేసి పక్క బొమ్మ చూశారు. రిగ్ నడిచే గొలుసు పట్టాల కింద చెక్క దిమ్మెలు పరిచి ఉన్నాయి. అంటే నేల గట్టిదనమే! ‘బేరింగ్’ అని వదిలేస్తే ఆపరేటరు గ్రీజు చూసుకుని మెత్తటి నేల మీదే మాస్టు లేపేవాడు, రిగ్ ఒరిగేది. అందుకే “రిగ్ కింది నేల బరువు ఆపుతుందో లేదో చూడండి” అని రాశాను.

నిఘంటువుల మీద జరిగిన వాదన మాత్రం దేనికీ అక్కరకు రాలేదు.