అప్‌డేట్: స్వాట్ షీట్ నింపాం, మరి ప్లాన్‌లో ఏం మారాలి?

నా పాత ప్రశ్న: "హోల్‌సేల్ షాపుకి స్టాక్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం, నలుగురం, స్వాట్ షీట్‌లో బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అనే నాలుగు గళ్ళూ నింపాం, ఇప్పుడు దీంతో ఏం చేయాలి?"

ప్రాజెక్ట్ అయిపోయిందండీ, అందుకే వచ్చా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనికొచ్చింది ఒకాయన చెప్పిన మాట: ఒక్కో లైన్ చదివి "దీనివల్ల తేదీ, మనిషి, పని, వీటిలో ఏది మారుతుంది" అని అడగండి, ఏదీ మారకపోతే కొట్టేయండి అని. అలా చేస్తే పద్నాలుగు లైన్లలో ఐదే మిగిలాయి. "టీమ్ స్పిరిట్ బాగుంది" మొదటే పోయింది.

అసలు బలహీనత "అనుభవం తక్కువ" అని రాసుకున్నాం, అది ఎందుకూ పనికిరాలేదు. విడదీసి అడిగితే తేలిందేంటంటే పాత బిల్లింగ్ డేటాని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చడం మాలో ఒక్కడికే వచ్చు, ఆ పనేమో ప్లాన్‌లో చివరి వారం ఉంది. దాన్ని రెండో వారానికి లాగి, పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టాం. మూడో రోజే ఒకే సరుకు రెండు మూడు పేర్లతో ఉందని బయటపడింది, సరిచేయడానికి ఆరు రోజులు పట్టింది, చివర్లో తెలిసుంటే గోవిందా.

మాలో ఒకతను ఇదివరకు కౌంటర్‌లో పనిచేశాడు, అది బలం. దసరా, దీపావళి రద్దీ ముప్పు. రెండూ కలిపి చూసి షాపులో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే రోజు దీపావళి తర్వాతకి జరిపాం, కౌంటర్ వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే పని అతనికే అప్పగించాం.

ఒక్కో లైన్‌కి మార్కులు, వెయిటేజీలు వేయమన్న సలహా కూడా ట్రై చేశాం, ఒక పూట పోయింది, ప్లాన్‌లో ఏమీ మారలేదు.