నవ్వితే కింది పళ్లు కనిపిస్తున్నాయి, ఎలా సరిచేసుకోవాలి?

వచ్చే నెల నుంచి ఒక హోటల్ రిసెప్షన్‌లో చేరుతున్నాను. ఫోన్‌లో వీడియో తీసుకుని నవ్వు ప్రాక్టీస్ చేస్తున్నాను. పెదవులు మూసి నవ్వితే మర్యాదగానే ఉంది కానీ, ఏదో దాస్తున్నట్టు అనిపిస్తోంది. పై పళ్లు కనిపించేలా నవ్వితే ముఖంలో ఆప్యాయత వస్తోంది. కానీ ఇంకాస్త పెద్దగా నవ్వానంటే పెదవుల చివరలు పైకి లేవకుండా పక్కలకు సాగిపోతాయి. అప్పుడు కింది పళ్లు బయటపడి, మెడ నరాలు బిగిసి, నవ్వు కాస్తా భయంలా మారుతోంది. (మా చెల్లి అయితే "పన్ను నొప్పా?" అంది!)

బుగ్గలు పైకి లేచి, కళ్ల కింద చర్మం కాస్త ముడత పడితేనే నిజమైన నవ్వులా కనిపిస్తుందని తెలుసు. కానీ కావాలని కళ్లు చిట్లిస్తే ఎండలో నిలబడినట్టుంది. నవ్వు ఒక్కసారిగా కాకుండా మెల్లగా విచ్చుకుంటే మాత్రం కొంచెం నయం.

నాటకాల్లో, యాంకరింగ్‌లో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: పెదవుల చివరలను పక్కలకు కాకుండా పైకి లేపడం ఎలా అలవాటు చేసుకోవాలి? దవడ వదులుగా ఉంచి, పళ్ల మధ్య కాస్త ఖాళీ వదిలితే మెడ బిగుసుకోవడం తగ్గుతుందా? అతిథి కౌంటర్ దగ్గరకు వచ్చేదాకా ఆ నవ్వు బిగుసుకుపోకుండా ఎలా నిలుపుకుంటారు?